ఉప్పు స్ఫటికమా, పంచదార స్ఫటికమా: మీ గదికి, మీ రుతువుకు ఏది తగును?

ఇంట్లో స్ఫటికాలు పెంచుదామనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న, ఉప్పుతో చేయాలా పంచదారతో చేయాలా అన్నది. దీనికి సాధారణంగా దొరికే సమాధానాలు ఖర్చు గురించో, స్ఫటికం అందం గురించో, చివరికి దాన్ని తినవచ్చా లేదా అన్నదాని గురించో ఉంటాయి. నా దృష్టిలో ఇవన్నీ తరువాత చూసుకోవలసిన విషయాలు. ముందు తేల్చుకోవలసింది, రాబోయే వారం పది రోజుల్లో మీ గదిలో గాలి ఎంత తేమగా ఉంటుంది, ఎంత వేడిగా ఉంటుంది అన్నది. ఈ రెండు పదార్థాలూ నీటిలో నుంచి బయటికి వచ్చే దారులు పూర్తిగా వేరు కాబట్టి, ఒకదానికి అనుకూలించే వాతావరణం రెండోదాన్ని ఆపివేయగలదు.

వంద మిల్లీలీటర్ల నీటిలో, గది వేడిమి దగ్గర, ఉప్పు సుమారు 36 గ్రాములు కరుగుతుంది. అదే నీటిని మరిగించినా కరిగేది 39 గ్రాములే. అంటే వేడి ఉప్పునీటిని చల్లార్చినంత మాత్రాన అందులోంచి రాలేది చాలా తక్కువ. ఉప్పు స్ఫటికం కావాలంటే నీరు ఆవిరై పోవలసిందే. పంచదార సంగతి దీనికి పూర్తిగా వేరు. అదే వంద మిల్లీలీటర్ల నీటిలో 20 డిగ్రీల దగ్గర సుమారు 200 గ్రాముల పంచదార కరిగితే, మరిగే వేడి దగ్గర అంతకు రెట్టింపు కంటే ఎక్కువ కరుగుతుంది. వేడి మీద ఎక్కువగా కరిగించి చల్లార్చితే, ఆ నీరు న్యాయంగా పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ పంచదార అందులో మిగిలిపోతుంది. దీనినే అతిసంతృప్త ద్రావణం అంటారు. ఆ మిగులు పంచదార నెమ్మదిగా, రోజుల తరబడి, దారం మీదకో పుల్ల మీదకో చేరుతుంది; నీరు ఆవిరి కాకపోయినా ఆ పని జరుగుతూనే ఉంటుంది.

ముందు గాలిని చూడండి

సంతృప్తమైన, అంటే ఇక ఉప్పు కరగనంతగా నిండిన, ఉప్పునీటికి ఒక స్వభావం ఉంది. చుట్టూ గాలిలో తేమ 75 శాతం దాటితే అది ఆవిరి కాదు సరికదా, గాలిలోని తేమనే తనలోకి లాక్కుంటుంది. వానాకాలంలో డబ్బాలోని ఉప్పు చెమ్మగిల్లడానికి కారణం ఇదే. పైగా సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం లవణాలు ఇంకా తక్కువ తేమకే నీరు పట్టేస్తాయి. కాబట్టి జులై, ఆగస్టు నెలల్లో విశాఖలోనో కాకినాడలోనో కిటికీలు తెరిచిన గదిలో ఉప్పు గిన్నె పెట్టి వారం రోజులు ఎదురుచూస్తే మట్టం ఒక్క పిసరు కూడా తగ్గకపోవచ్చు, ఒక్కోసారి పెరగవచ్చు కూడా. శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో పని వేసవికే పరిమితమై వానలతో ఆగిపోవడానికి వాన నీరు మడుల్లో చేరడం ఒక కారణమైతే, గాలిలో ఆవిరికి చోటు లేకపోవడం మరొక కారణం.

తేమ 75 కంటే ఎంత తక్కువ ఉంటే ఉప్పునీరు అంత వేగంగా ఆరుతుంది. స్థూలంగా చెప్పాలంటే, 35 శాతం తేమ ఉన్న గదిలో ఆవిరయ్యే వేగం 65 శాతం ఉన్న గదిలో కంటే దాదాపు నాలుగింతలు ఉంటుంది, ఎందుకంటే మొదటిదానికి 75కు మధ్య తేడా 40, రెండోదానికి 10. ఇది ఎల్లప్పుడూ మంచిదే అనుకోకూడదు. మే నెలలో ఆదిలాబాదులోనో అనంతపురంలోనో ఫ్యాను కింద పెట్టిన గిన్నెలో నీరు రెండు మూడు రోజుల్లోనే ఇంకిపోయి, అడుగున తెల్లటి పొర మిగులుతుంది తప్ప చెప్పుకోదగిన స్ఫటికం ఒక్కటీ ఏర్పడదు. అక్కడ చేయవలసింది ఆవిరిని అడ్డుకోవడం, అంటే గిన్నెపై కాగితం కప్పి, దానికి నాలుగైదు సూది రంధ్రాలు చేసి, గాలి తగలని అలమారలో పెట్టడం.

పంచదారకు శత్రువు తేమ కాదు, వేడి. సాధారణంగా చెప్పే పాళ్లలో, అంటే 250 మిల్లీలీటర్ల నీటికి 600 గ్రాముల పంచదార కలిపిన పాకంలో, వంద మిల్లీలీటర్ల నీటికి 240 గ్రాములు ఉన్నట్టు. గది 25 డిగ్రీల దగ్గర ఉంటే ఆ నీరు పట్టుకోగలిగేది 208 గ్రాముల దగ్గర ఆగుతుంది కాబట్టి, మిగులు బాగానే ఉంది, స్ఫటికం పెరుగుతుంది. కాని 40 డిగ్రీల దగ్గర అదే నీరు 238 గ్రాముల వరకు పట్టుకుంటుంది. ఏసీ లేని గదిలో వేసవి మధ్యాహ్నం ఆ పాకంలో మిగులు దాదాపు ఉండదు. రాత్రి పట్టిన పంచదార పగలు మళ్లీ కరుగుతుంది. వేసవిలో పంచదారతో చేయక తప్పదంటే అదే నీటికి 650 గ్రాములు వేయాలి. అప్పుడు రాత్రి చల్లబడిన వేళ మిగులు మరీ ఎక్కువై సీసా అంతా ఒకేసారి పేరుకునే ప్రమాదం ఉంటుంది. అందుకే వేసవిలో నేను పంచదారను సిఫార్సు చేయను.

కోస్తాలో వానాకాలానికి పంచదార, ఎండాకాలానికి ఉప్పు, శీతాకాలానికి మాత్రం రెండింటిలో మీకు నచ్చినది అని మొదటి వడపోత చేసుకోవచ్చు. ఏసీ వేసే గదిలో తేమ తగ్గుతుంది కాబట్టి అక్కడ వానాకాలంలోనూ ఉప్పు పనిచేస్తుంది. అమెరికా, కెనడాల్లో ఉంటూ చలికాలంలో ఇంట్లో హీటర్ వేసుకునేవారికి గాలి ఎంతో పొడిగా ఉంటుంది. వారు ఉప్పు గిన్నెను వేసవి రాయలసీమలో పెట్టినట్టే భావించి కప్పి ఉంచుకోవాలి. ఫోనులో వాతావరణం చూపే చోట తేమ శాతం కూడా ఉంటుంది, అయితే అది బయటి గాలిది అన్నది మరువకూడదు.

ఉప్పు: ఒక్క స్ఫటికాన్ని పెంచడం

ఉప్పును ఎంచుకుంటే లక్ష్యం ఒక్కటే ఉండాలి. అంచులు పదునుగా, గోడలు చదునుగా ఉన్న ఒకే ఒక చదరపు స్ఫటికం. గిన్నె నిండా చిన్న చిన్న పలుకులు తెప్పించడం ఎవరికైనా సాధ్యమే, కాని అందులో చూడవలసింది మొదటి రెండు రోజులకే అయిపోతుంది.

ప్యాకెట్టులో వచ్చే మెత్తని అయొడైజ్డ్ ఉప్పు దీనికి అంత మంచిది కాదు. అది గడ్డకట్టకుండా కలిపే పదార్థాలలో కొన్ని నీటిలో కరగక ద్రావణాన్ని పాలలా మసకబారుస్తాయి, కొన్ని కరిగినా స్ఫటికం గోడలకు అతుక్కుని దాని రూపాన్ని మార్చేస్తాయి. అప్పుడు చదరాలకు బదులు కొమ్మలు కొమ్మలుగా ఉప్పు పుడుతుంది. కల్లుప్పు, తెలంగాణలో దొడ్డుప్పు అని అడిగేది, చవకైనదే కాక పనికి కూడా మేలు. అందులో మట్టి, నలుసులు ఉంటాయి కాని అవి అడుగుకు దిగిపోతాయి. గిన్నెలో వేసే ముందు ఉప్పుపై కొద్దిగా నీళ్లు చిలకరించి వెంటనే వంచేస్తే, పైన అంటిన మెగ్నీషియం లవణాలు చాలావరకు పోతాయి.

250 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో 100 గ్రాముల కల్లుప్పు వేసి ఐదు నిమిషాలు కలపండి. సుమారు 90 గ్రాములు కరిగి తక్కినది అడుగున మిగలాలి. అలా మిగలడమే ద్రావణం సంతృప్తమైందనడానికి గుర్తు. రాత్రంతా కదపకుండా ఉంచి, తెల్లారాక పైనున్న తేటను మాత్రం నాలుగు మడతల పల్చని బట్టలో వడగట్టి గాజు పాత్రలోకి తీసుకోవాలి. స్టీలు, అల్యూమినియం గిన్నెలు వద్దు, రోజుల తరబడి నిలవున్న ఉప్పునీటికి అవి మచ్చలు పడతాయి. ఈ తేటలో కొంత ఒక పళ్లెంలో సెంటీమీటరు లోతు పోసి విడిచిపెడితే, గాలి తేమను బట్టి రెండు నుంచి నాలుగు రోజుల్లో అడుగున చిన్న చదరాలు కనిపిస్తాయి. వాటిలో మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న, పక్కనున్న వాటికి అతుక్కోని, అద్దంలా ఉన్న ఒకదాన్ని పట్టకారుతో తీయాలి. అదే మీ బీజ స్ఫటికం.

దీన్ని మిగిలిన తేటలోకి మార్చే ముందు ఆ తేట ఇంకా సంతృప్తంగానే ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే బీజం గంటలో కరిగి మాయమవుతుంది. దానికి ఒక మంచి పరీక్ష ఉంది. గాజు పాత్ర వెనుక టార్చి వెలిగించి, బీజాన్ని సన్నని నైలాన్ దారంతో కట్టి ద్రావణంలో వేలాడదీసి దగ్గరగా చూడండి. బీజం కింది నుంచి సన్నని అలల గీతలు పాత్ర అడుగుకు జారుతున్నట్టు కనిపిస్తే, అది కరుగుతోందని అర్థం. ఉప్పు కలిసి బరువెక్కిన నీరు కిందికి దిగుతోంది. వెంటనే బయటికి తీసి, ద్రావణంలో ఇంకొంత ఉప్పు వేసి ఒక రాత్రి ఆగాలి. స్ఫటికం పెరుగుతున్నప్పుడు దాని చుట్టూ ఉన్న నీరు ఉప్పు కోల్పోయి తేలికై పైకి లేస్తుంది, అయితే ఆ గీతలు ఇంతకంటే చాలా మసకగా ఉంటాయి.

పెరుగుదల వేగాన్ని కొంత లెక్కతో చూస్తే ఈ పని ఎందుకు ఓపిక కోరుతుందో తెలుస్తుంది. అడ్డంగా 10 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రని గిన్నెలో మట్టం ఒక మిల్లీమీటరు తగ్గిందంటే సుమారు 8 మిల్లీలీటర్ల నీరు పోయినట్టు, దాదాపు 3 గ్రాముల ఉప్పు బయటికి రావలసి ఉన్నట్టు. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కో సెంటీమీటరు ఉన్న ఉప్పు దిమ్మ బరువు 2 గ్రాములకు కాస్త ఎక్కువ. అంటే ఒకే ఒక్క బీజం ఉంటే, ఒక్క మిల్లీమీటరు నీరు దాన్ని సెంటీమీటరు దాకా పెంచడానికి సరిపోతుంది. అదే అడుగున ముప్పై పలుకులు ఉంటే ఒక్కోదానికి దక్కేది పదో వంతు గ్రాము. అవన్నీ మూడున్నర మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. అందువల్ల గిన్నె పక్కన మార్కర్‌తో గీత గీసి, వారానికి మిల్లీమీటరు కంటే ఎక్కువ దిగకుండా, గిన్నెపై వేసిన కాగితపు కప్పు రంధ్రాలను పెంచడమో మూయడమో చేయాలి. రోజుకోసారి అడుగున పుట్టిన పిల్ల స్ఫటికాలను ఏరివేయాలి. మొదటి రెండు రోజులు అవి బియ్యపు నూకంత కూడా ఉండవు కాబట్టి పక్క నుంచి వెలుతురు వేసి చూడాలి.

వేలాడదీయడం కుదరకపోతే బీజాన్ని అడుగునే పెట్టవచ్చు, కాని అడుగుకు ఆనిన ముఖానికి ఉప్పు అందదు, అది పక్కలకు మాత్రమే పెరిగి పలకలా తయారవుతుంది. రోజూ ఒకసారి పట్టకారుతో వేరే ముఖం మీదకు దొర్లించితే ఈ తేడా చాలావరకు సర్దుకుంటుంది.

వేగం ఎక్కువైందనడానికి స్ఫటికమే ఆనవాళ్లు చూపుతుంది. మూలలకు, అంచులకు ఉప్పు త్వరగా అందుతుంది, ముఖం నడుమకు ఆలస్యంగా అందుతుంది. అంచులు లేచిపోతూ నడుమ గుంట పడి, లోపలికి దిగే మెట్ల బావిలా కనిపిస్తుంది. ఆ గుంటల్లో చిక్కుకున్న ఉప్పునీరు తెల్లటి మసకగా మిగిలిపోతుంది. మడుల్లో ఎండకు త్వరగా కట్టిన కల్లుప్పు తెల్లగా కనిపించడానికి కారణం ఈ చిక్కుకున్న నీరే. దిష్టి తీసిన ఉప్పును నిప్పుల్లో వేస్తే చిటపటలాడేదీ ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై రాయిని పగలగొట్టడం వల్లే. మీ స్ఫటికంలో మసక మొదలైతే వెనక్కి తీసుకోలేరు, కాని కప్పు మూసి వేగం తగ్గిస్తే ఆ పైన పెరిగే పొరలు తేటగా వస్తాయి, లోపల మసక, బయట అద్దం అన్నట్టు.

మరొక ఇబ్బంది, ఉప్పు గిన్నె గోడ ఎక్కి బయటికి పాకడం. మట్టం దగ్గర ఆరిన పలుకుల సందుల్లోంచి ద్రావణం పైకి పీల్చుకుని, అంచు దాటి, బల్ల మీదకు తెల్లటి పొరగా దిగుతుంది. అంచు లోపలి వైపు, మట్టానికి పైన మాత్రమే, కొబ్బరినూనెను వేలితో పల్చగా రాస్తే ఇది ఆగుతుంది. నూనె ద్రావణంలో పడితే స్ఫటికం ముఖాలు చెడతాయి కాబట్టి చాలా తక్కువ రాయాలి.

పంచదార: గుత్తి పెంచడం

పంచదారతో ఒంటి స్ఫటికం కంటే గుత్తిగా పెంచడమే సహజమైన దారి. కిరాణా దుకాణంలో దారంతో దొరికే కలకండ ఇలా తయారైనదే, దానిని విరిచి చూస్తే నడుమ దారం, దాని చుట్టూ ముఖాలు మెరిసే పలుకులు కనిపిస్తాయి.

250 మిల్లీలీటర్ల నీటిని వేడి చేసి, 600 గ్రాముల పంచదారను కొద్దికొద్దిగా వేస్తూ, ఒక్క పలుకూ మిగలకుండా కరిగించాలి. ఇది పెద్దవాళ్లు చేయవలసిన పని, ఎందుకంటే మరిగే పాకం మరిగే నీటి కంటే వేడిగా ఉంటుంది, చర్మానికి అంటుకుని వదలదు. కరిగిన వెంటనే పొయ్యి ఆపాలి. ఇంకా మరిగిస్తే నీరు తగ్గి తీగపాకం వైపు వెళ్తుంది, అటువంటి పాకం చల్లారితే స్ఫటికం పెరగదు, మొత్తం గడ్డకడుతుంది. మిఠాయి చేసేవారు పాకం పేరుకోకుండా నిమ్మరసం చుక్క వేస్తారు. ఆ పులుపు పంచదారను గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడదీసి స్ఫటికం కట్టనివ్వకుండా చేస్తుంది. మనకు కావలసింది అందుకు సరిగ్గా విరుద్ధం కాబట్టి నిమ్మరసం అంటిన గరిటె కూడా ఇందులోకి రాకూడదు. ఇదే కారణంగా బెల్లం కూడా పనికిరాదు.

దారాన్ని ముందురోజే సిద్ధం చేసుకోవాలి. నూలు దారాన్ని నీటిలో తడిపి, పిండి, పంచదారలో దొర్లించి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకుండా ముంచితే అంటిన పలుకులు జారి అడుగుకు పోయి, అక్కడే పెరగడం మొదలుపెడతాయి. పాకం సీసాలో పోశాక చేతికి చల్లగా తగిలే దాకా, అంటే నాలుగైదు గంటలు ఆగి, అప్పుడే దారాన్ని దించాలి. వేడి పాకం పలుకులను కరిగించేస్తుంది. దారం అడుగుకు గాని గోడకు గాని తగలకుండా పైన పుల్లకు కట్టి, పల్చటి బట్ట కప్పి, ఎవరూ కదపని చోట పెట్టాలి. నేల మీద పెడితే తలుపు వేసినప్పుడల్లా సీసా కదులుతుంది, ఆ కదలికకు పాకంలో అనవసరమైన చోట్ల పలుకులు పుడతాయి. చీమల బెడద ఉంటే సీసాను నీళ్ల పళ్లెంలో పెట్టడం తెలిసిన ఉపాయమే.

పంచదార పాకం చిక్కగా ఉండటం వల్ల అందులో అణువులు నెమ్మదిగా కదులుతాయి, స్ఫటికం కూడా అంతే నెమ్మదిగా పెరుగుతుంది. మొదటి రెండు రోజులు ఏమీ జరగడం లేదనిపిస్తుంది. మూడో నాలుగో రోజుకు దారం గరుకుగా, బొద్దుగా మారుతుంది. వారం దాటేసరికి ముఖాలు గుర్తుపట్టేంత పెద్ద పలుకులు వస్తాయి. పైన చెప్పిన పాళ్లలో 25 డిగ్రీల గదిలో బయటికి రాగలిగే మిగులు మొత్తం సుమారు 80 గ్రాములే కాబట్టి, పది పదిహేను రోజుల తరువాత పెరుగుదల బాగా మందగిస్తుంది. అది వైఫల్యం కాదు, పాకం తన లెక్క తీర్చుకుంది అంతే. అప్పటికీ ఇంకా పెంచాలంటే, దారాన్ని తీసి చల్లని చోట పెట్టి, పాకంలో మరి 80 గ్రాముల పంచదారను వేడి మీద కరిగించి, చల్లార్చి, దారాన్ని మళ్లీ దించవచ్చు.

తప్పు ఎక్కడ జరిగిందో పంచదార సీసా చూస్తే చెప్పవచ్చు. దారం మీది పలుకులు రెండో రోజుకే మాయమైతే పాకం వేడిగా ఉండగా దించారు, లేదా పంచదార చాలలేదు. దారం బోడిగా ఉండి అడుగున గడ్డ కడితే, దారం సరిగా ఆరలేదు, లేదా కరగని పలుకులు సీసాలోకి పోయాయి. అలాంటప్పుడు తేట పాకాన్ని మరో సీసాలోకి వంచి, కొత్త దారంతో మొదలుపెట్టడం మేలు. పైన గట్టి పొర కడితే మెల్లగా పగలగొట్టి తీసివేయాలి, లేకపోతే మిగులంతా దానికే పోతుంది. వానాకాలంలో గాలిలో తేమ 85 శాతం దాటితే పాకం పైభాగం నీరు పీల్చుకుని పల్చబడుతుంది. దారం మట్టం దగ్గర సన్నబడుతుంది, కొన్నాళ్లకు బూజు కూడా రావచ్చు. ఆ రోజుల్లో బట్టకు బదులు గట్టి మూత పెట్టాలి. పంచదారకు ఆవిరి అవసరం లేదు కాబట్టి మూత వల్ల నష్టం లేదు, ఉప్పుకైతే మూత పెడితే కథ అక్కడితో ఆగుతుంది.

ఏది ఎక్కువ చూపిస్తుంది

రోజూ చూసి రాసుకునే పనిగా తీసుకుంటే, ఉప్పు మెరుగని నా అభిప్రాయం. చదరపు ముఖాలు పుట్టిన మొదటి రోజు నుంచే గుర్తుపట్టవచ్చు, స్కేలుతో పొడవు కొలవవచ్చు, కప్పు రంధ్రాలు పెంచితే గుంటలు పడటాన్ని, మూస్తే మళ్లీ చదునవడాన్ని కారణంతో సహా చూడవచ్చు. ఒకే ద్రావణాన్ని రెండు గిన్నెల్లో పోసి, ఒకటి ఫ్యాను కింద, ఒకటి అలమారలో పెడితే, రెండో వారానికి పక్కపక్కన పెట్టి చూడదగిన తేడా వస్తుంది. పంచదారలో మారగల అంశాలు చల్లార్చే వేగం, పాళ్లు మాత్రమే. వాటి ఫలితం గుత్తిలో కలిసిపోతుంది, ఒక్కో పలుకును కొలవడం కష్టం. పైగా చిక్కటి పాకంలో పంచదార పలుకులు సరిగా కనిపించవు. పాకం, పలుకు వెలుతురును దాదాపు ఒకే తీరున వంచుతాయి కాబట్టి సీసాలో మసక గుత్తిగా ఉన్నది బయటికి తీస్తేగాని మెరవదు.

పంచదారకు ఉన్న బలం వేరు. దాన్ని మొదలుపెట్టి వదిలేయవచ్చు. ఉప్పు రోజూ పట్టకారు, మార్కరు, కప్పు సర్దడం అడుగుతుంది. ఊరికి వెళ్లి నాలుగు రోజుల తరువాత వస్తే పిల్ల స్ఫటికాలు బీజాన్ని చుట్టేసి ఉంటాయి. పంచదార సీసాను అంతకాలం ఎవరూ ముట్టకపోతేనే బాగుంటుంది. పదేళ్ల లోపు పిల్లలకు ఒకరోజు చేసి వారం తరువాత ఫలితం చేతికి, నోటికి అందేది ఇదే, అయితే గిన్నె, సీసా, దారం శుభ్రమైనవై ఉండాలి. ఆరు ఏడు తరగతుల పిల్లలు సైన్సు నోటుపుస్తకంలో పట్టిక గీసుకుని రోజూ కొలతలు రాయవలసి ఉంటే ఉప్పును ఎంచుకోండి. పొడవు, గిన్నె మట్టం, తేమ శాతం అనే మూడు నిలువు వరుసలు చాలు. వానపడ్డ రోజున పొడవు ఎందుకు కదలలేదో ఆ మూడో వరుసే చెబుతుంది.

రెండింటిలో ఏదీ మీ ఊరికి సరిపడకపోతే, ముఖ్యంగా పెద్దది, తేటది, ఒంటిది అయిన స్ఫటికమే కావాలంటే, నీటిని తేర్చడానికి వాడే పటిక ఈ రెండింటి కంటే సులువు. అది వేడిలో బాగా కరిగి, చల్లారితే బాగా రాలుతుంది, పాకంలా చిక్కగా ఉండదు. కాని పటిక తినేది కాదు, చూడటానికి పటికబెల్లంలాగే ఉంటుంది. రెండూ ఒకే ఇంట్లో పెంచుతుంటే సీసాల మీద పేర్లు రాసి, పటికను పిల్లలకు అందని చోట పెట్టాలి.

స్ఫటికం తీశాక ఉప్పును నీటితో కడగకూడదు, అంచులు వెంటనే గుండ్రబడతాయి. మెత్తని కాగితంతో అద్ది, ఆరాక, మూత బిగిసే డబ్బాలో పెట్టాలి. పంచదార గుత్తిని ఒక్కసారి చన్నీటిలో ముంచి తీస్తే పైన అంటిన పాకం పోతుంది. తరువాత దాన్ని ఒక రోజు వేలాడదీసి ఆరబెట్టాలి. మిగిలిన పాకాన్ని టీలోనో పాయసంలోనో వాడుకోవచ్చు. మిగిలిన ఉప్పునీటిని మూతబిగించి ఉంచితే, తేమ తగ్గిన రోజుల్లో తదుపరి బీజానికి అదే పనికివస్తుంది.